ముఖాల ఫోటోలకు ఆటో ఎన్‌హాన్స్ ఎప్పుడు చాలు, చేత్తో ఎప్పుడు సరిచేయాలి

ప్రశ్న: అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటోలు నా ఫోనుతోనే తీశాను. ఆటో ఎన్‌హాన్స్ నొక్కితే కొన్ని చాలా బాగా వస్తున్నాయి. కొన్నింటిలో మాత్రం నాన్న ముఖం బూడిద పూసినట్టు అవుతోంది. నేనే సరిచేయబోతే ఒక్కో ఫోటోకు చాలాసేపు పడుతోంది, చివరికి ముందున్నదే నయమనిపిస్తోంది. మామూలు ముఖాల ఫోటోలకు ఏది వాడాలి? ఒకటి పెద్దదిగా ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాలి.

జవాబు:

ముఖం మీద పడిన వెలుగూ, ఫోటోలో మిగతా భాగం మీద పడిన వెలుగూ ఒకటే అయితే ఆటో నొక్కి వదిలేయండి. మీరు అరగంట కూర్చున్నా అంతకంటే పెద్దగా మెరుగు చేయలేరు. ఆ రెండు వెలుగులూ వేరైనప్పుడు, అంటే వెనక ఎండ ఉండి ముఖం నీడలో ఉన్నప్పుడో, చుట్టూ ఒకే రంగు నిండిపోయినప్పుడో, ఆటో తప్పటడుగు వేస్తుంది. అక్కడ చేత్తో చేయాలి. అయితే చేత్తో చేయడమంటే కనిపించిన ప్రతి స్లైడరునూ కదపడం కాదు. మీకు అంతసేపు పట్టడానికి, చివరికి అసంతృప్తి మిగలడానికి కారణం బహుశా అదే. స్టూడియోలో ప్రింటుకు వెళ్లే ముందు ముఖాలు సరిచేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. నేను ముఖం ఫోటోలో కదిపేవి మూడు నాలుగుకు మించవు.

ముందు ఆటో ఏం చేస్తుందో తెలిస్తే ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో మీకే అర్థమవుతుంది. ఫోటోలో ప్రతి చుక్కకూ వెలుగు 0 నుంచి 255 వరకు ఒక అంకెగా ఉంటుంది. సున్నా అంటే కటిక నలుపు, 255 అంటే ఇంక ఏ వివరమూ మిగలని తెలుపు. ఫోటో మొత్తంలో ఏ అంకెలు ఎన్ని ఉన్నాయో ఆటో లెక్క చూస్తుంది. అన్నీ ఒకవైపే పోగుపడితే వాటిని రెండు వైపులకూ సాగదీస్తుంది. మసక పొర తీసేసినట్టు ఫోటో ఒక్కసారిగా తేటపడేది అందుకే. తరువాత రంగు చూసి, ఏదైనా ఒక రంగు ఎక్కువైందనిపిస్తే దానికి ఎదురు రంగు కలుపుతుంది. నేటి ఫోన్లలో చాలావరకు ముఖాన్ని కూడా గుర్తిస్తాయి. యాప్‌లు తయారుచేసేవారి కోసం యాపిల్ తన ఆటో మెరుగులో ఏమేమి ఉంటాయో రాసిపెట్టింది. అందులో ఎర్రబడిన కంటిపాపను సరిచేయడం, ముఖఛాయను చూడముచ్చటగా మార్చడం, చర్మం రంగు చెడకుండా మిగతా రంగులను పెంచడం, నీడల్లో వివరం పైకి తేవడం వంటివి ఉన్నాయి. కాబట్టి ఆటో ముఖాన్ని అసలే పట్టించుకోదని నేను అనను. కానీ ముఖం ఫోటోలో పదో వంతో, ఇరవయ్యో వంతో ఉన్నప్పుడు మిగతా భాగం లెక్కనే ఎక్కువగా శాసిస్తుంది. పైగా చాలా యాప్‌లలో చివరికి తేలిన మార్పు ఫోటో మొత్తానికీ ఒకే తీరున పడుతుంది.

ఇంకో సంగతి. ఇలాంటి పనిని కంప్యూటరుకు నేర్పడానికి నిపుణులు సరిచేసిన ఫోటోలను నమూనాగా పెడతారు. 2011లో ఎంఐటీ, అడోబీ పరిశోధకులు విడుదల చేసిన ఫోటోల భండారం ఒకటి ఈ రంగంలో బాగా వాడుకలో ఉంది. అందులో 5,000 ఫోటోలు ఉన్నాయి, ఒక్కో ఫోటోనూ ఐదుగురు నిపుణులు విడివిడిగా సరిచేశారు. తమాషా ఏమిటంటే, ఆ ఐదుగురూ ఒకే ఫోటోను ఒకేలా చేయలేదు. ఒకరు వెచ్చగా ఉంచారు, ఒకరు చల్లబరిచారు. మెరుగైన ఫోటో అనేది ఒకటే ఉండదు. ఆటో ఇచ్చేది ఎక్కువమందికి అభ్యంతరం లేని ఒక సగటు రూపం మాత్రమే. మీ నాన్నగారి ముఖం ఎలా ఉంటుందో దానికి తెలియదు, మీకు తెలుసు. చేత్తో చేయడానికి మీకున్న అర్హత అదొక్కటే, అది చిన్నదేమీ కాదు.

ఆటో నెగ్గే ఫోటోలు మీ దగ్గర చాలానే ఉండాలి. మబ్బు పట్టిన పగలు ఆరుబయట తీసినవి, చెట్టు నీడలో అందరూ నిలబడినవి, కిటికీ ఎదురుగా కూర్చోబెట్టి తీసినవి, బంధువుల గుంపు ఫోటోలు. వీటిలో వెలుగు అందరి మీదా సమానంగా పరుచుకుని ఉంటుంది, కాస్త వెలవెలబోవడమే లోపం. ఆ లోపాన్ని తీయడమే ఆటోకు బాగా చేతనైన పని. వీటికి మీ సమయం ఖర్చు పెట్టకండి. మరీ ఎక్కువైందనిపిస్తే పూర్తిగా తీసేయనక్కరలేదు, మోతాదు తగ్గించండి. ఐఫోనులో ఆటో నొక్కాక కింద ఉన్న గీతల పట్టీని వెనక్కి జరిపితే దాని ప్రభావం తగ్గుతుంది. అక్కడే ఇంకో సౌకర్యం ఉంది. ఆటో నొక్కగానే ఎక్స్‌పోజర్, బ్రిలియన్స్, హైలైట్స్ వంటివి ఒక్కొక్కటి ఎంత కదిలాయో వాటి అంకెలు కనిపిస్తాయి. నచ్చనిది ఒక్కటే ఉంటే దాన్ని మాత్రం వెనక్కి తేవచ్చు. గూగుల్ ఫోటోస్‌లోనూ ఎన్‌హాన్స్ వేసిన తరువాత దాని మీద విడిగా వెలుగునూ రంగునూ మార్చుకోవచ్చు. అంటే ఆటోనా, చేతి పనా అన్నది చాలా ఫోటోలకు ఇదో అదో తేల్చుకోవలసిన ప్రశ్న కాదు. ఆటో మొదటి అడుగు వేస్తుంది, మీరు రెండోది సరిచేస్తారు.

ఇక ఆ బూడిద సంగతి. మీ ప్రశ్నలో అసలు విషయం అదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఒక చామనఛాయ ముఖం నీడలో ఉందనుకోండి. చెంప మీద ఒక చుక్కలో వెలుగు అంకెలు రంగుకు ఒకటి చొప్పున ఎరుపు 120, ఆకుపచ్చ 80, నీలం 60 ఉన్నాయనుకుందాం. ఎరుపు నీలానికి రెట్టింపు ఉంది. మనకు ఆ ముఖం గోధుమవన్నెతో, జీవంతో కనిపించడానికి ఆధారం ఆ రెట్టింపే. ఇప్పుడు నీడలను ఎత్తడం కోసం మూడింటికీ యాభై చొప్పున కలిపామనుకోండి. 170, 130, 110 అవుతాయి. వెలుగు పెరిగింది, కానీ ఎరుపు ఇప్పుడు నీలానికి ఒకటిన్నర రెట్లే. రంగు పలచబడింది, ముఖం తెల్లబడలేదు, పాలిపోయింది. అదే వెలుగును ఇంకో దారిలో, మూడింటినీ 1.4 తో హెచ్చించి పెంచితే 168, 112, 84 వస్తాయి. వెలుగు దాదాపు అంతే, ఎరుపు మాత్రం ఇంకా రెట్టింపే. ఇది వెలుగులోకి వచ్చి కూర్చున్న మనిషి ముఖం.

ఫోన్ల లోపల లెక్క ఇంత సూటిగా ఉండదు, కానీ ఫలితం ఈ దిశలోనే ఉంటుంది. నీడలను బాగా ఎత్తే ఏ మార్పయినా, దాని పేరు షాడోస్ అయినా, బ్రిలియన్స్ అయినా, డైనమిక్ అయినా, ముదురు చర్మంలో రంగును పలచన చేస్తుంది. లేత చర్మం నీడల పరిధిలో అంతగా ఉండదు కాబట్టి దానికి నష్టం తక్కువ. ఒకే ఫోటోలో అమ్మ ముఖం బాగుండి, నాన్న ముఖం బూడిదగా మారడానికి చాలాసార్లు కారణం ఇదే. మందు కూడా ఇక్కడే ఉంది. ఆటో వేశాక షాడోస్‌ను సగానికి తగ్గించి, ఆ లోటును ఎక్స్‌పోజర్ లేదా బ్రైట్‌నెస్‌తో కొద్దిగా పూరించండి. తరువాత బ్లాక్ పాయింట్ కాస్త పెంచండి. మీసం, కనుబొమలు, జుట్టు మళ్లీ నల్లబడగానే ముఖం నిలదొక్కుకుంటుంది. చాలామంది ముఖం పాలిపోతే శాచురేషన్ పెంచుతారు. దానివల్ల ముఖం కంటే ముందు పట్టుచీరా, కుంకుమా మండిపోతాయి.

రెండో రకం బూడిద రంగు అంచనా తప్పడం వల్ల వస్తుంది. షష్టిపూర్తి అన్నారు, పందిరి వేసే ఉంటారు కాబట్టి మీ ఫోటోల్లో ఇదీ ఉండి తీరుతుంది. బంతిపూల దండలు, పసుపు బట్టలు, పసుపు పూసిన పీటలు, పసుపు రంగు దీపాలు. రంగు సరిచేసే పాత పద్ధతుల్లో ఒకటి, ఫోటోలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రావాలని అనుకుంటుంది. పందిట్లో సగటు పసుపు వస్తుంది. ఇదేదో దీపం వల్ల వచ్చిన లోపమని భావించి నీలం కలుపుతుంది. నేటి పద్ధతులు ఇంతకంటే తెలివైనవే, కానీ ఒకే రంగు ఫోటోను ముంచెత్తినప్పుడు అవీ అటే జారుతుంటాయి. అప్పుడు బంతిపూలు ఇంకా పసుపుగానే కనిపిస్తాయి, ఎందుకంటే వాటిలో ఆ రంగు బోలెడంత ఉంది. ముఖంలో ఉన్న కొద్దిపాటి వెచ్చదనం మాత్రం ఎగిరిపోతుంది. ఆకుపచ్చ గోడ ముందు తీస్తే దీనికి భిన్నంగా ముఖం గులాబీ వైపు వెళుతుంది.

ఈ రెండు రకాలనూ ఇలా వేరు చేయండి. ఫోటోను పెద్దది చేసి పంచె మడత లేదా కంటి తెల్లగుడ్డు చూడండి. అవి నీలంగా ఉంటే రంగు అంచనా తప్పింది, వార్మ్త్‌ను కొద్దిగా పెంచితే చాలు. అవి సరిగ్గానే ఉండి ముఖం ఒక్కటే పాలిపోతే నీడలు ఎక్కువ ఎత్తారు, వార్మ్త్ జోలికి పోకండి. పళ్లను కొలమానంగా పెట్టుకోవద్దు, పెద్దవాళ్ల పళ్లు ఏ వెలుగులోనూ తెల్లగా ఉండవు.

చేత్తో మొదలుపెట్టే ముందు రెండు పనులు. ఒకటి, ఫోను తెరను మామూలు స్థితికి తేవడం. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండేందుకు తెరను పసుపు చేసే సౌకర్యం, గది వెలుగును బట్టి తెర రంగు మార్చుకునే సౌకర్యం, రెండూ ఆపేయండి. తెర రంగులకు వివిడ్, నాచురల్ అని రెండు తీరులుంటే నాచురల్‌లో పెట్టండి. పసుపు తెర మీద సరిచేసిన ముఖం పొద్దున చూస్తే నీలంగా ఉంటుంది, ఆ తప్పు ముఖానిది కాదు. రెండు, అసలు ఫోటోను తెరవడం. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫోటో కుదించినది. అందులో నీడలు ఎత్తితే చెంపల మీద గళ్లు గళ్లుగా మచ్చలు తేలతాయి. వేరేవాళ్లు తీసినవి కావాలంటే డాక్యుమెంటుగా పంపమనండి.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఫోను ఫోటో తీసేటప్పుడే ఒక దఫా నీడలు ఎత్తి, వెలుగు తగ్గించి, పదును పెట్టి భద్రపరుస్తుంది. సెల్ఫీ కెమెరాలో బ్యూటీ ఆన్‌లో ఉంటే చర్మాన్ని నునుపు కూడా చేసి ఉంటుంది. దాని మీద మళ్లీ ఆటో వేస్తే వండిన కూరలో రెండోసారి ఉప్పు వేసినట్టే. ముఖం అంచు చుట్టూ సన్నటి తెల్లగీత, జుట్టు దగ్గర మెరుపు కనిపిస్తే అది రెండో ఉప్పే. అలాంటి ఫోటోకు ఏదైనా తగ్గించడమే తప్ప కలపకండి.

ఇప్పుడు ఒక ఫోటో పూర్తిగా చేసి చూపిస్తాను. ఈ మధ్య మా బంధువుల ఇంట్లో తీసినది, మీరు చెప్పినదానికి దగ్గరగా ఉంటుంది. పెద్దాయన వసారాలో కుర్చీ మీద కూర్చున్నారు, వెనక ఎండ కాస్తున్న పెరడు. ముఖం నీడలో ఉంది. కుడిపక్క లేత ఆకుపచ్చ గోడ, దాని రంగు కుడి చెంప మీద పడుతోంది. భుజాన తెల్లటి కండువా. ఆటో నొక్కితే ముఖంతోపాటు పెరడూ వెలిగిపోయింది, ఎండ పడ్డ కండువా కొసలో నేత కనబడకుండా పోయింది, ముఖం పాలిపోయింది. ఆటోను తీసేసి స్నాప్‌సీడ్ అనే యాప్‌లో తెరిచాను. దానికి డబ్బు కట్టనక్కరలేదు, ముఖం ఒక్కదాన్నే పట్టుకునే పనిముట్టు అందులో ఉంది కాబట్టి అది ఎంచుకున్నాను.

మొదట ట్యూన్ ఇమేజ్. హైలైట్స్‌ను 35 పాళ్లు తగ్గించాను, పెరట్లో ఆకులూ కండువా నేతా తిరిగి కనబడ్డాయి. షాడోస్ 15 పెంచి ఆపాను. ముఖం ఇంకా చీకటిగానే ఉంది, ఉండనివ్వాలి. మొత్తం ఫోటోకు వేసే మార్పుతో ముఖాన్ని పైకి లాగే ప్రయత్నం ఇక్కడ చేయకూడదు. మీ గంటలు ఖర్చవుతున్నది బహుశా ఈ చోటే. ముఖం కోసం వెలుగు పెంచుతారు, వెనక తెల్లబారుతుంది, దానికోసం తగ్గిస్తారు, ముఖం నల్లబడుతుంది. ఆ ఊగిసలాటకు అంతు లేదు. అక్కడే ఉన్న యాంబియన్స్‌ను కదపలేదు, అది ముఖాల మీద మురికి పట్టినట్టు చేస్తుంది. ప్రకృతి దృశ్యాలకు బాగుంటుంది.

తరువాత వైట్ బ్యాలెన్స్. రంగును ఎంచుకోవడానికి చుక్కల మందు వేసే గొట్టం లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని తెల్లటి వస్తువు మీద పెడితే, అది తెల్లగా మారేలా ఫోటో రంగంతా సర్దుకుంటుంది. ఏ తెలుపు మీద పెట్టాలన్నది ముఖ్యం. కండువాలో ఎండ పడ్డ కొస మీద పెడితే రంగు ఎండకు సరిపోతుంది, ముఖానికి కాదు. నీడలో వెలుగు ఆకాశం నుంచి వస్తుంది కాబట్టి నీలంగా ఉంటుంది. అందుకని మెడ పక్కన, గడ్డం కింద, ముఖం ఉన్న నీడలోనే ఉన్న మడత మీద పెట్టాను. ముఖంలో వెచ్చదనం తిరిగి వచ్చింది. పెరడు కాస్త పసుపెక్కింది, ఎండ అలా ఉంటే ఎవరూ తప్పు పట్టరు. జరీ అంచు మీద గానీ, పసుపు అంటిన చోట గానీ పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు. ఎంచుకున్నాక వార్మ్త్ ఐదు పాళ్లు పెంచాను, ఉతికిన నూలు బట్ట ఎప్పుడూ పాలతెలుపు కాదు కదా.

మూడోది సెలెక్టివ్. అసలు పని ఇదే. చెంప మీద వేలితో తాకితే ఒక చుక్క పడుతుంది. రెండు వేళ్లతో చిటికెడు పట్టినట్టు దగ్గరికీ దూరానికీ జరిపితే, మార్పు ఎంతమేర పడుతుందో ఎర్రటి ఛాయలో కనిపిస్తుంది. ఆ ఎరుపు ముఖం వరకే ఉండేలా తగ్గించాను. తరువాత వేలిని అడ్డంగా జరిపి బ్రైట్‌నెస్ 20 పెంచాను. వేలిని నిలువుగా జరిపితే బ్రైట్‌నెస్ నుంచి శాచురేషన్‌కు మారవచ్చు, అది ఎనిమిది పెంచాను. ఈ పరికరం చుట్టూ ఉన్నదాంట్లో చుక్క పెట్టిన రంగుకు దగ్గరగా ఉన్నవాటినే పట్టుకుంటుంది, కాబట్టి నల్లటి జుట్టూ తెల్లటి కండువా పెద్దగా కదలవు. ముఖం వెనకటి వెలుగుతో పోటీ పడే స్థితికి వచ్చింది.

ఇక్కడ ఎక్కువమంది ఆపేస్తారు, ఇక్కడే పట్టుబడతారు. ముఖం వెలిగి మెడ నల్లగా మిగులుతుంది. ఒడిలో పెట్టుకున్న చేతులు వేరే మనిషివి అన్నట్టుంటాయి. చూసేవారికి ఏం తప్పో చెప్పడం రాదు గానీ, ఫోటో అతికించినట్టుందని మాత్రం అంటారు. మెడ మీద ఒక చుక్క, బ్రైట్‌నెస్ 12. చేతుల మీద ఒకటి, పది. ముఖానికి ఇచ్చినంత ఇవ్వకూడదు, కిందికి వచ్చేకొద్దీ వెలుగు తగ్గడమే సహజం. కుడి చెంప మీద ఆకుపచ్చ పడ్డచోట నాలుగో చుక్క చిన్నదిగా పెట్టి శాచురేషన్ 15 తగ్గించాను. ఆకుపచ్చ పూర్తిగా పోలేదు, గోడ పక్కన కూర్చున్న మనిషి మీద కాస్త ఉండటంలో తప్పు లేదు. పూర్తిగా పోగొట్టాలని పట్టుబడితే ఆ చెంప బూడిదగా మారుతుంది, మళ్లీ మొదటికొస్తాం.

చివర డీటెయిల్స్‌లో షార్పెనింగ్ పది. దాని పక్కనే ఉండే స్ట్రక్చర్ సున్నా. ముఖానికి స్ట్రక్చర్, డెఫినిషన్, పాప్ వంటివి పెంచితే ముడతలు, రాలిన గంధం పొడి, మాసిన గడ్డం అన్నీ ముందుకొస్తాయి. అరవయ్యేళ్ల మనిషికి డెబ్బై అయిదు కనిపిస్తాయి. కొన్ని ఆటో మెరుగులు వీటిని తమంతట తామే కలుపుతాయి. ఆటో వేశాక పెద్దవాళ్లు మరింత పెద్దవాళ్లయ్యారనిపిస్తే కారణం అదే.

మొత్తం పని అయ్యాక ఫోటో మీద వేలు నొక్కిపట్టి అసలుదాన్ని చూశాను. ముందూ వెనకా పోల్చుకోవడానికి ఇది మంచిదే, కానీ వెంటనే చేస్తే మోసపోతాం. ఒకే ఫోటోను కాసేపు చూస్తే కంటికి ఆ రంగు అలవాటైపోయి, ఎంత పెంచినా చాలదనిపిస్తుంది. పక్కన పెట్టేసి, అన్నం తిని వచ్చి ఫోటోను చిన్నదిగా, గ్యాలరీలో మిగతా ఫోటోల మధ్య చూడండి. ముఖం ఒక్కటే దీపంలా మెరుస్తుంటే ఎక్కువైనట్టు. నేను అలా చూశాక ముఖం మీది 20ని 15కు తగ్గించాను.

అన్ని ఫోటోలకూ ఇంత చేయమని కాదు. పీటల మీద కూర్చున్నప్పటి నుంచి తలంబ్రాల దాకా ఒకేచోట, ఒకే వెలుగులో తీసినవి పది ఉంటే, ఒకదానికి వెలుగూ రంగూ చేత్తో సరిచేసి మిగతావాటికి నకలు వేయండి. ఐఫోనులో ఐఓఎస్ 16 నుంచి ఒక ఫోటో మార్పులను కాపీ చేసి ఇంకోదానికి అతికించే వీలుంది. స్నాప్‌సీడ్‌లో లుక్స్ కింద చివరిసారి చేసిన మార్పులు దొరుకుతాయి. ముఖం మీద పెట్టే చుక్కలు మాత్రం ఏ ఫోటోకు ఆ ఫోటోకే పెట్టాలి, ముఖం చోటు మారుతుంది కదా. ఆటో వేస్తే ఈ పది ఫోటోలకూ పది తీర్పులు వస్తాయి. పక్కపక్కన పెడితే ఒకదాంట్లో చీర మెరూన్, ఇంకోదాంట్లో ఎరుపు. ఆల్బం చేసేవారికి చేతి పని నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడ.

చేత్తో చేసినా కానివి ఉన్నాయి. ఫ్లాష్ పడి నుదురో, చెంపో తెల్లగా కాలిపోతే అక్కడ అంకెలన్నీ 255 దగ్గర ఆగిపోయి ఉంటాయి, కింద దాక్కున్న చర్మమేమీ లేదు. హైలైట్స్ తగ్గిస్తే ఆ తెలుపు మెరుపు పోయి మట్టిరంగు బిళ్లగా కనబడుతుంది, మెరుపే నయం. అదే క్షణంలో తీసిన ఇంకో ఫోటో ఉంటే దాన్ని తీసుకోండి. ముఖం కదిలి మసకబారినా, ఫోకస్ వెనక దండల మీద పడినా అంతే.

ఇక తెల్లబరచడం గురించి. బూడిద పోగొట్టమంటే ఛాయ పెంచమని అర్థం చేసుకునేవాళ్లు మా స్టూడియోకు చాలామందే వస్తారు. ఈ పక్షపాతం మన ఇళ్లలోనే కాదు, ఫోటో యంత్రాల్లోనూ పాతదే. రంగుల ప్రింట్లు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి మహిళలే ఉండేవారు. ఆ ముఖం బాగా వస్తే ప్రింటు బాగా వచ్చినట్టు లెక్క. ముదురు చర్మాన్ని ఉన్నది ఉన్నట్టు చూపాలని గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోనుతో రియల్ టోన్ అనే సౌకర్యం తెచ్చింది. మీరు ముఖం వెలుగు పెంచేటప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. నాన్నగారి ముఖానికీ అమ్మగారి ముఖానికీ మధ్య ఇంట్లో మీరు రోజూ చూసే తేడా ఫోటోలోనూ మిగలాలి. ఇద్దరూ ఒకే ఛాయలోకి వచ్చేస్తే ఎక్కువ పెంచేశారు.

ఫ్రేముకు ప్రింటు మాట. ఫోను తెర తనంత తానే వెలుగుతుంది, కాగితం వెలగదు. పూర్తి వెలుగులో పెట్టిన తెర మీద సరిపోయిందనుకున్న ముఖం కాగితం మీద ఒక మెట్టు చీకటిగా వస్తుంది. కాబట్టి తెర వెలుగును సగానికి తగ్గించి ఒకసారి చూడండి. అప్పుడు కళ్లకింద వివరం కనబడకపోతే ముఖం మీది బ్రైట్‌నెస్ ఇంకో ఐదు పెంచండి. మార్చిన ఫోటోను వేరే కాపీగా భద్రపరచి, పెన్‌డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో ఇవ్వండి, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపవద్దు. పెద్దది వేయించే ముందు అదే కాగితం మీద 4×6 ఒకటి తీయించి పగటి వెలుగులో చూసుకోండి. ల్యాబు యంత్రాలకూ సొంత ఆటో సవరణ ఉంటుంది, మీరు కష్టపడి నిలబెట్టిన వెచ్చదనాన్ని అది మళ్లీ తీసేయవచ్చు. కవరు మీద "కలర్ కరెక్షన్ వద్దు" అని రాసివ్వండి, కౌంటరులో నోటితోనూ ఒకసారి చెప్పండి.